ఒకే జోకు పదిసార్లు వస్తే నాలుగోసారికే చప్పగ అయితున్నది, ఏం జెయ్యాలె?

పాలమూరు_పెన్ను
హాస్యకథ ఒకటి రాస్తున్న. చేతిరాతల 12 పేజీలు. దేవరకద్ర దిక్కు ఒక ఊరు, కార్తీకం నుంచి మాఘం దాకా నడుస్తది. యాదగిరి అనేటాయన బిడ్డ పెండ్లి. పెండ్లి కార్డుల వియ్యంకుడు లచ్చయ్య పేరు తప్పు పడ్తది. ఆయన లగ్గం నాడు అలిగి మిద్దెక్కి కూసుంటడు. అసలు కథ గది.

దీంట్ల యాదగిరి బావ సైలు అని ఒకాయన ఉంటడు. మూడేండ్ల కింద తన నిచ్చెన ఎవరికో ఇచ్చిండు. ఎవరికిచ్చిండో యాది లేదు. ఎవరు ఎదురైనా "మా నిచ్చెన ఏమాయె?" అంటడు. ఇదే నా రన్నింగ్ జోకు. పదిసార్లు వస్తది: 1వ పేజీల ఒకసారి, 2ల రెండుసార్లు, తర్వాత 3, 4, 5, 7, 9, 11, ఆఖరుకు 12ల. చివరికి ఆ నిచ్చెన సైలు ఇంటెన్కనే దొరుకుతది.

నలుగురికి చదివి వినిపించిన. మొదటిసారి నవ్విండ్రు, రెండోసారి ఇంకా నవ్విండ్రు. నాలుగోసారికి ఒకాయన ఫోన్ తీసిండు. ఆఖర్ల నిచ్చెన దొరికితే ఎవరూ నవ్వలే, "ఓ, గట్లనా" అన్నరు. సంఖ్య తగ్గించాల్నా, మాట మార్చాల్నా, అసలు జోకే బాగలేదా?

గడ్డపార
మూడు. హాస్యానికి మూడే లెక్క. ఒకటి పెట్టు, రెండోది గుర్తుచెయ్యి, మూడోది పేల్చు. మిగిలిన ఏడు కొట్టేయ్.

సుత్తె_ఉలి
నిచ్చెన వెదురుదా, కట్టెదా?

కచీరుకాడ
గడ్డపారన్న చెప్పిన మూడు లెక్క ఒక్క సీన్ల చెల్లుతది. పది లైన్లల్ల అయిపోయే జోకుకు మూడే చాలు, నాలుగు ఎక్కువ. కానీ ఇది 12 పేజీల మీద సాగేది. 1ల ఒకటి, 6ల ఒకటి పెట్టి 12ల పేలుద్దామంటే చదివేటోనికి అది అలవాటే కాదు, 12వ పేజీల "ఈ నిచ్చెన ఎక్కడిది" అంటడు. రెండుసార్లు వచ్చింది కాకతాళీయం అనిపిస్తది. మూడోసారికి "ఓహో, ఈయన గింతే" అని ముద్ర పడ్తది. అసలు పని ఆ ముద్ర పడ్డంక మొదలైతది. గడ్డపారన్న అక్కడ ఆపేస్తున్నడు.

సంఖ్య సంగతి తర్వాత చూద్దాం. పెన్ను తమ్మీ, ఆ పదిట్ల ఓ మూడు నాలుగు ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు.

పాలమూరు_పెన్ను
పెడుతున్న.

1వ పేజీ: చాయ్ తాగుకుంట సైలు అడిగిండు, "మా నిచ్చెన ఏమాయె యాదగిరీ?" "నాకేం తెలుసు బావా" అన్నడు యాదగిరి.

2వ పేజీ: కురుమూర్తి జాతరల ఉద్దాల ఊరేగింపు పోతున్నది. సైలు పక్కాయనను గోకి "మా నిచ్చెన ఏమాయె?" అన్నడు. అందరు ఘొల్లున నవ్విండ్రు.

7వ పేజీ: చావు జరిగిన ఇంట్ల అందరు ఏడుస్తున్నరు. సైలు మెల్లగ "మా నిచ్చెన ఏమాయె?" అన్నడు. మళ్ల అదే పాట అని అందరు మూతులు మూసుకొని నవ్వుకున్నరు.

ఎర్రసిరా
"అందరు ఘొల్లున నవ్విండ్రు", "మూతులు మూసుకొని నవ్వుకున్నరు". ఈ రెండు ముక్కలు మొదలు కొట్టేయండి. కథలోని మనుషులు నవ్వేస్తే చదివేవాడికి నవ్వడానికి ఏమీ మిగలదు. సైలుకు ఇది నవ్వులాట కాదు, నిజమైన దుఃఖం. పక్కవాళ్లకు తలనొప్పి. కథలో ఒక్కడు కూడా దీన్ని తమాషాగా చూడకూడదు. "మళ్ల అదే పాట" అనేది ఇంకా ప్రమాదం. రచయితే లేచి నిలబడి "చూసిండ్రా, మళ్లీ చేసిన" అన్నట్టు ఉంటుంది.

వనపర్తి_వాణి
నా కథలో కూడా ఇదే ఇబ్బంది, అందుకే అడుగుతున్నా. ఒక అత్త ప్రతి సీనులో ఏది తిన్నా "ఉప్పు తక్కువైంది" అంటుంది. అయిదుసార్లు. ఆఖరుకు ఏం చెయ్యాలో తెలియక కోడలు ఉప్పు డబ్బా ఆమె ముందు పెట్టినట్టు రాశాను. అది ముగింపులా లేదు. మీరు చెప్పినట్టు నవ్వినవాళ్లను తీసేశా, అయినా తేడా లేదు.

కచీరుకాడ
వాణక్కా, మీది ఊతపదం, పెన్ను తమ్మునిది బాకీ. రెండు వేరు వేరు. ఊతపదం మనిషి అలవాటు, దానికి జవాబు అక్కరలేదు. "ఉప్పు తక్కువైంది" అన్న మాట వెయ్యిసార్లు వచ్చినా కథ ఎవరికీ ఏమీ బాకీ పడదు, కనుక తీర్చేటందుకు ఏముండదు. సైలు మాట అట్ల కాదు. నిచ్చెన ఒకటి నిజంగ ఎక్కడనో ఉన్నది, ఎవరో తీస్కపోయిండ్రు. అడిగిన ప్రతిసారి బాకీ పెరుగుతది. మీ అత్తమ్మకు కూడా ఒక బాకీ పెట్టొచ్చు. ఉప్పు తక్కువ అనేది ఒక్క మనిషి వంటకే అన్నదనుకోండి, ఎందుకు అనేది తెలవాలె కదా. అప్పుడు దానికి ఆఖరు దొరుకుతది.

ఇంకో సంగతి. ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్ 1900ల నవ్వు గురించి రాస్తూ ఒక పిల్లల బొమ్మను తీసుకున్నడు. పెట్టెల స్ప్రింగు బొమ్మ ఉంటది, మూత ఒత్తితే లోపలికి పోతది, వదిలితే మళ్ల ఎగిరి వస్తది. మనం నవ్వేది బొమ్మను చూసి కాదు, ఒత్తినా ఒత్తినా ఎగురుతున్నందుకు. కనుక ఎగిరే బొమ్మ ఒక్కటే ఉంటే చాలదు, ఒత్తే చెయ్యి కూడ గావాలె. పెన్ను రాసిన పదిట్ల సైలు అడుగుతనే ఉన్నడు, ఎవరూ ఆయన నోరు మూయిస్తలేరు. "నాకేం తెలుసు" అని వదిలేస్తున్నరు. ఒత్తిడి లేదు, అందుకే నాలుగోసారికి ఫోన్ బయటికొచ్చింది.

గడ్డపార
పెద్ద పెద్దోళ్లను తెచ్చిండు అన్న. సరే, ఒత్తిడి ముచ్చట ఒప్పుకుంట. మూడు లెక్క మాత్రం వదల.

బుర్రకథ_వంత
స్టేజి మీద ఇది వేరేగ నడుస్తది. బుర్రకథల కథకుని పక్కన ఇద్దరు వంతలుంటరు, ఒకాయన హాస్యం చెప్తడు. తోలుబొమ్మలల్ల కేతిగాడు, బంగారక్క అంతే. వాళ్లు ఒకటే మాట ఇరవైసార్లు అన్నా జనం నవ్వుతరు. ఎందుకంటే గొంతు మారుతది, డోలు దెబ్బ మారుతది, ముందర కూసున్నోని మొహం చూసి ఆపుతరు, లాగుతరు. కాయితం మీద గొంతు లేదు. అచ్చుల "మా నిచ్చెన ఏమాయె?" అని పదిసార్లు రాస్తే పదిసార్లు ఒక్కతీరుగనే వినపడ్తది. కాబట్టి గొంతు చేసే పని కాయితం మీద సందర్భం చెయ్యాలె. ఎవరు అంటున్నరు, ఎక్కడ అంటున్నరు, మాట మొత్తం అన్నరా సగమే అన్నరా. ఒకసారికి ఒకటే మార్చాలె. మూడూ ఒక్కపారి మారిస్తే అది పాత జోకని గుర్తుపట్టరు.

సుత్తె_ఉలి
నిచ్చెన వెదురుదా కట్టెదా అని అడిగిన. ఎవరూ చెప్తలేరు. ఎన్ని మెట్లు?

కచీరుకాడ
వంతన్న చెప్పిన "ఒకసారికి ఒకటే" అన్నది పట్టుకోండి. పెన్ను కథనే పెట్టి చేసి చూపిస్త.

1వ పేజీ. ఇక్కడ పొడుగ్గ రాయి, 80, 90 పదాలు పోనీ. సైలు కొత్త, నిచ్చెన కొత్త. ఇక్కడ నవ్వించడం కంటే సరుకు దించడం ముఖ్యం. ఇచ్చి మూడేండ్లయింది, ఎవరికిచ్చిండో మర్చిండు అనే రెండు నీ దగ్గర ఉన్నయి. మూడోది ఒకటి గావాలె, ఆ నిచ్చెనను వేరే నిచ్చెనల నుంచి విడదీసే గుర్తు. సైలు ఇట్ల అంటడనుకో: "ఇచ్చేటప్పుడు గూడ చెప్పిన, ఏడో మెట్టు కిర్రుమంటది, దాని మీద బరువు ఆనకుండ్రి అని. గంత మంచిగ చెప్పిన్నా, ఎవరికి చెప్పిన్నో గదే యాదికొస్తలేదు." నవ్వు ఆఖరు ముక్క మీద పడ్తది. ఏడో మెట్టు ముచ్చట ఆ నవ్వు చాటున దాక్కుంటది. చదివేటోడు దాన్ని గుర్తు అని అనుకోడు, జోకుల భాగం అనుకుంటడు. గుర్తును విడిగ ఒక వాక్యంల పెడితే ఇది ముంగట పనికొస్తదని వెంటనే పసిగడ్తరు.

2వ పేజీ, కురుమూర్తి. ఒకటే మార్చు: అడిగేది మనిషిని కాదు, దేవున్ని. చేతులు జోడించి, "స్వామీ, పిల్లలు సల్లగుండాలె, వానలు పడాలె, ఇగ ఆ నిచ్చెన..." అనంగనే యాదగిరి మోచేత్తోటి పొడుస్తడు. మాట సగంల ఆగుతది. పొడుపే ఆ ఒత్తే చెయ్యి. 25, 30 పదాలు మించొద్దు. 2లనే ఉన్న రెండోది, 3వ పేజీది రెండూ తీసెయ్.

4వ పేజీది ఇప్పుడు ఏమున్నది?

పాలమూరు_పెన్ను
4ల కార్డులు అచ్చు వేయించే సీను ఉన్నది. యాదగిరి, సైలు కలిసి మహబూబ్‌నగర్ పోతరు. డీటీపీ పోరనికి పేర్లు చెప్తరు. మధ్యల సైలు ఆ పోరన్ని గూడ నిచ్చెన గురించి అడుగుతడు. పేరు తప్పు ఎట్ల పడ్డదో రాయలే, ఊరికె తప్పు పడ్డదంతే.

ఎర్రసిరా
మీ కథ మొత్తానికి తాళంచెవి ఇక్కడ ఉంది, మీరు చూడలేదు. పేరు తప్పు పడటం అసలు కథ. నిచ్చెన అడగడం పక్క జోకు. రెండూ ఒకే గదిలో, ఒకే నిమిషంలో జరుగుతున్నాయి, కానీ ఒకదానికొకటి తగలడం లేదు. తగిలించండి. యాదగిరి "వియ్యంకుడు లచ్చయ్య" అని చెప్పే క్షణంలోనే సైలు ఆ పిల్లవాడి చెవిలో నిచ్చెన గోల పెడుతున్నాడు. పిల్లవాడు చెవికి వినపడ్డది కొడుతున్నాడు. కార్డు వచ్చాక చూస్తే "నిచ్చయ్య".

ఎందుకు అలా పడిందో కథలో ఎవ్వరూ చెప్పకూడదు. సైలుకు కూడా తెలియకూడదు. చదివేవాడు ఒక్కడే కలుపుకోవాలి.

గడ్డపార
నిచ్చయ్య 😂 నేను ఓడిపోయిన. పో.

వనపర్తి_వాణి
నవ్వొచ్చింది కానీ మరీ అతికించినట్టు లేదా? ప్రూఫు చూస్తారు కదా ఎవరైనా.

ఎర్రసిరా
చూస్తారు. అందుకే ఒక ఒప్పుకోదగ్గ కారణం ముందే ఉండాలి. యాదగిరి కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాడని 4వ పేజీ మొదట్లో ఒక్క ముక్క. ప్రూఫు చూసే పని సైలుకే పడుతుంది. సైలు కాగితం ముందు పట్టుకొని దేని గురించి ఆలోచిస్తాడో మీరు రాయక్కర్లేదు.

కచీరుకాడ
ఎర్రసిరా గారు చెప్పింది బంగారం. నేను 4వ పేజీని ఒట్టి గుర్తుచేసుడు అనుకున్న. ఇట్ల అయితే ఇక్కడ పొట్టిగ రాయాలె అన్న నియమం వదిలేయాలె, కథ దీని మీద నడుస్తున్నది కనుక సీను ఎంత గావాలంటే అంత రాయి. 5వ పేజీది తీసెయ్. ఇంత పెద్దది పడ్డంక వెంటనే చిన్నది వస్తే ఇదీ చిన్నగయితది.

7వ పేజీ, చావు ఇల్లు. మళ్ల ఒకటే మార్చు: అడిగేది సైలు కాదు. సైలు వస్తడు, కూసుంటడు, ఇంకా నోరు తెరవలే. చనిపోయినాయన భార్య కొంగు తోటి కండ్లు తుడుచుకుంట "మా ఇంట్ల లేదు అన్నా" అంటది. మూడు నాలుగు మాటలు, సీను అయిపాయె. నిచ్చెన అన్న మాటనే రాదు. ఊరు మొత్తం ఈ ప్రశ్నకు ఎంత అలవాటు పడ్డదో ఆ ఒక్క జవాబు చెప్తది. నీ పాత సీన్ల సైలు చావు ఇంట్ల అడిగి మర్యాద తప్పుతున్నడు, నవ్వుతోపాటు మనిషి మీద చీదర గూడ పుడ్తది. ఇట్ల మారిస్తే సైలు నిందపడ్డ అమాయకుడు. ఆఖరు పేజీల జనం ఆయన దిక్కు ఉండాలె, చీదర పనికిరాదు.

బుర్రకథ_వంత
ఆ చావు ఇంటిదాని తర్వాత మాత్రం మళ్ల అడగనియ్యొద్దు. అది పై మెట్టు. దాని మీదికి ఇంకో మెట్టు లేదు.

సుత్తె_ఉలి
మెట్ల ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న. 12 మెట్ల నిచ్చెన అయితే కింది నుంచి ఏడోది పై నుంచి ఆరోది అయితది. ఎక్కేటోనికి ఒకటి, దిగేటోనికి ఒకటి. 13 మెట్లు పెట్టుకుంటే రెండు దిక్కులా ఏడోదే.

ఇంకోటి. మిద్దెకు ఆనిచ్చే నిచ్చెన గోడ మీదికి రెండు మెట్లన్నా లేవాలె, చేతుల పట్టు కోసం. అడుగుకొక మెట్టు అనుకుంటే, పదిన్నర అడుగుల మిద్దెకు 13 మెట్ల నిచ్చెన వాలుగ పెడితే పై రెండు మూడు గోడ పైననే ఉంటయి. దిగేటోడు కాలు పెట్టేదే పదో దాని మీద. అంటే నాలుగో అడుగుకే ఏడోది వస్తది. లెక్కపెట్టే సీను రాసేటట్టుంటే తప్పు పోతది. ఇంతకూ వెదురుదా కట్టెదా?

ఎర్రసిరా
దిగేవాడి అడుగులు లెక్కపెట్టించే ఆలోచన ఇంకా ఎవరూ అనలేదు, కానీ నేను అదే అనబోతున్నా 😄. వదిలేస్తున్నా. చదివేవాడు వేళ్ల మీద లెక్క మొదలుపెడితే ఆ క్షణం నవ్వు పోతుంది. లెక్క వద్దు, చప్పుడు చాలు.

పాలమూరు_పెన్ను
ఆగుండ్రి. మిద్దె దిగుడు, చప్పుడు... అంటే నిచ్చెన సైలు ఇంటెన్క దొరుకుడు వద్దంటున్నరా?

కచీరుకాడ
వద్దు. సైలు ఇంటెన్క దొరికితే బాకీ ఎవరిదీ కాదు. మూడేండ్లు ఊరందరిని అడిగిండు, ఆఖరికి తప్పు ఆయనదే అని తేలింది. చదివేటోడు ఇది రెండో పేజీలనే ఊహిస్తడు, అందుకే "గట్లనా" అన్నరు. పైగ పెండ్లికి, అలకకు దాంతోటి ఏం సంబంధం లేదు.

నీ దగ్గర ఇప్పటికే అన్నీ ఉన్నయి. వియ్యంకుడు మిద్దెక్కి కూసున్నడు. ఎట్లెక్కిండు? పల్లెటూరి మిద్దెలకు చాలా వాటికి మెట్లుండవు. నిచ్చెన తోటి ఎక్కిండు. ఆ నిచ్చెన ఎక్కడిది? సీరియల్ బల్బులు కట్టనీకి టెంటుహౌసోళ్లు తెచ్చింది. టెంటుహౌసోళ్లకు ఎక్కడిది? మూడేండ్ల కింద ఇంకో పెండ్లిల బల్బులు కట్టనీకి సైలును అడిగి తీస్కపోయిండ్రు. అప్పటి సంది ప్రతి పెండ్లికి అదే తిరుగుతున్నది. అదృష్టం కొద్ది కలిసింది కాదు, చుట్టుపక్కల పెండ్లిలన్నిటికి ఒక్కటే టెంటుహౌసు ఉన్నప్పుడు ఆ నిచ్చెన రావాల్సిందే ఇక్కడికి.

12వ పేజీ ఇట్లుంటది. బతిమిలాడంగ బతిమిలాడంగ లచ్చయ్య మెత్తబడి దిగుతున్నడు. పెద్దమనిషి కదా, దర్జాగ. కింద రెండు కుటుంబాలు తలలెత్తి నిలబడ్డయి, సన్నాయి ఆగింది. సైలు ఇంటి ముంగట బంతిల కూసుని తింటున్నడు, ఇంటెన్క ఏం జరుగుతున్నదో కనపడదు. కిర్రుమన్నది. సైలు చేతిల ముద్ద ఆగింది.

"ఏడో మెట్టు" అన్నడు.

అంతే రాయి. "మా నిచ్చెన" అని గూడ అననియ్యకు. ఇన్నిసార్లు అడిగిండు, ఇప్పుడు మొదటిసారి జవాబు ఆయన నోటి నుంచే వస్తున్నది. ఆ తర్వాత విరిగిన చప్పుడు.

గడ్డపార
లచ్చయ్య సగంల యాలాడుతుండగ కార్డుల పేరు నిచ్చయ్య అని... అయ్యయ్యో. ఇప్పటిదాకా అలిగిన పెద్దమనిషి ఒక్క దెబ్బకు సైలుకు మెట్టు బాకీపడ్డడు.

ఎర్రసిరా
అదే. అలకకు ఇక విలువ లేదు, అసలు కథ కూడా అక్కడే తీరిపోయింది. రెండో ముగింపు వేరేగా రాయక్కర్లేదు.

వనపర్తి_వాణి
ఒక అనుమానం. సైలు పొద్దున్నుంచి ఆ పెళ్లింట్లోనే ఉంటాడు కదా, మేనమామ వరస. మూడేళ్లుగా నిచ్చెన కోసం తిరిగేవాడికి గోడకు ఆనించిన నిచ్చెన కనపడదా? నాకు ఇదే ముందు తట్టింది.

కచీరుకాడ
మంచి ప్రశ్న, దీన్ని దాటకపోతే మొత్తం కూలుతది. సైలుకు మోకాలి నొప్పి, ముంగటి పందిరి దాటి పోడు అని ఒకటి పెట్టొచ్చు. నొప్పిని 1వ పేజీలనే పెట్టు, 11ల పెడితే అబద్ధం లెక్క ఉంటది.

కానీ అసలు చిక్కు సైలుది కాదు, చదివేటోనిది. బల్బులు కట్టే సీను ముందే ఉండాలె, లేకుంటే 12ల నిచ్చెన ఆకాశం నుంచి పడ్డట్టయితది. ఉంటే "నిచ్చెన" అన్న మాట చూడంగనే చదివేటోనికి గంట కొడుతది. కాబట్టి ఆ మాట రాయకు. 10వ పేజీల "టెంటు పోరడు మిద్దె మీద బల్బులు కడుతున్నడు" అని రాయి. మనిషిని పైన చూపించు, ఎట్లెక్కిండో చూపించకు. పైన ఉన్న మనిషిని చూసి ఎట్లెక్కిండని ఎవరూ అడుగరు. లచ్చయ్యను గూడ అంతే, "మిద్దెక్కి కూసున్నడు" అని మాత్రమే. వియ్యంకుని అలకల పడి నిచ్చెన ముచ్చట మర్చిపోతరు.

పాలమూరు_పెన్ను
ఇది నాకు అస్సలు తట్టలే. అయితే 9, 11 పేజీలల్లవి?

కచీరుకాడ
11ది తీసెయ్. పేలే ముందు పేజీల గుర్తుచేస్తే ఆఖరుది చేతిల పెట్టి చెప్పినట్టయితది. 9ల మాత్రం ఒకటి ఉండనీ, కానీ అడిగేది కాదు, వదిలేసేది. "పోనీ తియ్ యాదగిరీ, పోయింది పోయింది. కొత్తది చేయించుకుంట" అంటడు. ఇక్కడ ఒత్తే చెయ్యి సైలుదే. బాకీ మాఫీ అయిందని చదివేటోడు అనుకుంటడు. 10, 11ల మౌనం.

ఎర్రసిరా
ఈ ఒక్కదానికి ఒప్పుకోను. "పోనీ తియ్" అనేది నాకు ఏర్పాటులా వినిపిస్తుంది. అలవాటున్న పాఠకుడు "ఓహో, ఇప్పుడు దొరుకుతుంది" అని అక్కడే పట్టేస్తాడు. 9లో ఏమీ వద్దు. 7లో ఆ భార్య మాట తర్వాత నేరుగా నాలుగు పేజీల మౌనం. మరిపించడానికి మాట అక్కర్లేదు, అలక సీను బలంగా ఉంటే చాలు.

కచీరుకాడ
నాలుగు పేజీలు ఏమీ లేకుంటే ఏడో మెట్టు గుర్తుండదు, కిర్రుమన్నా ఎవరికీ తట్టదు. అది 1వ పేజీల ఒక్కసారే వచ్చింది. 9ల కొత్తది చేయించుకుంట అన్నప్పుడు "ఈసారి ఏడో మెట్టు గట్టిగ పెట్టించుకుంట" అని అనిపియ్యాలె, అందుకే నాకు ఆ సీను గావాలె.

ఎర్రసిరా
ఏడో మెట్టును 4లో గుర్తుచేయండి, డీటీపీ పిల్లవాడికి ఆనవాలు చెబుతున్నట్టు. అక్కడ గందరగోళంలో కలిసిపోతుంది.

బుర్రకథ_వంత
ఇద్దరిది రెండు తీర్లుగ రాసి వినిపించి చూడు పెన్నూ. కానీ ముందు విన్న ఆ నలుగురికి మళ్ల వినిపియ్యకు, వాళ్లు పాడైపోయిండ్రు. కొత్తోళ్లకు చదువు. రెండు కాడ ఆగు. 7ల సైలు వచ్చి కూసున్నడు అన్నంక ఓ క్షణం ఆగు. విన్నోడు తనే "నిచ్చెన" అన్నాడంటే, లేకుంటే అప్పటికే మూతి ముసిముసి అయిందంటే అలవాటు పడ్డది. పడకపోతే ముంగటివి బలహీనం. తర్వాత 11 అయిపోంగనే ఆపి "ఇంకేం మిగిలింది కథల" అని అడుగు. లచ్చయ్య దిగుతడా లేదా అంటే సరే. నిచ్చెన సంగతి అన్నాడంటే మౌనం సరిపోలే, లేకుంటే 9ది పట్టిచ్చింది. చదివేటప్పుడు నువ్వు మాత్రం నవ్వకు, గొంతు మార్చకు. మారిస్తే అది నా పని అయితది, కాయితం పని కాదు.

పాలమూరు_పెన్ను
చేస్త. అంటే ఇప్పుడు 1, 2, 4, 7, 12 ఖాయం, 9 రెండు తీర్లు. పదివి అయిదో ఆరో అయినయి. ఒకటే మిగిలింది. "ఏడో మెట్టు" తోటి కథ ముగియ్యాల్నా? ఇంకో చిన్న ముక్క ఉంటె బాగుంటదని అనిపిస్తున్నది. సాయంత్రం సైలు విరిగిన నిచ్చెన భుజానేసుకొని పోతుంటే దారిల ఒకాయన "సైలన్నా, జర ఆ నిచ్చెన ఇస్తవా, రేపు తెచ్చిస్త" అంటడు.

గడ్డపార
ఉండాలె! గది లేకుంటే ఎట్ల. పేలినంక ఇంకో చిన్న పటాకా.

ఎర్రసిరా
వద్దు. మెట్టు విరిగిన నిచ్చెనను ఎవరు అడుగుతారు? పైగా మళ్లీ మొదటికి తిప్పే ముగింపు ప్రతి హాస్యకథలో ఉంటుంది. విరిగిన చప్పుడు దగ్గర ఆపేయండి.

వనపర్తి_వాణి
నాకైతే సైలు ఆ నిచ్చెనతో ఇంటికి పోవడం చూడాలని ఉంది. ఎవరూ ఏమీ అడగకపోయినా సరే. మూడేళ్లు అడిగాడు పాపం.

కచీరుకాడ
నేను ఎటూ చెప్పలేకపోతున్న. ముక్క పెడితే అడిగేటాయన టెంటుహౌసు ఓనరే అయ్యుండాలె. అప్పుడు విరిగింది గూడ అడుగుతడు, లగ్గాలు ఇంకా ఉన్నయి కదా మాఘంల.

సుత్తె_ఉలి
మీ చప్పుడు గురించి చెప్పేదుండె, నా ప్రశ్నకు జవాబు రాలేదని ఆగిన. కట్టె నిచ్చెనల మేకు వదులైతే మెట్టు కిర్రుమంటది, బరువు పడితే ఫట్టున విరుగుతది. వెదురు నిచ్చెన తాడుతోటి కట్టింది అయితే మెట్టు విరుగదు, కట్టు జారుతది, వెదురు పొడుగ్గ చీలుతది, చప్పుడు వేరేగ ఉంటది. మీ ఆఖరు లైను మొత్తం ఈ చప్పుడు మీదనే ఉన్నది. కట్టెదా వెదురుదా తెలవకుండ ఎట్ల రాస్తరు?

పాలమూరు_పెన్ను
కట్టెది అన్నా. నల్లతుమ్మది. ఏడో మెట్టు ఒక్కటే వెదురుది.

సుత్తె_ఉలి
గందుకే కిర్రుమన్నది.